కీబోర్డు నుంచి మిక్సర్ దాకా 35 మీటర్లు: హమ్ లేకుండా బ్యాలెన్స్‌డ్ లైను వేయడం ఎలా?

గుడి మండపంలో భజన పెట్టారు. వేదిక మీద ఒక మూల కీబోర్డు ఉంది, మిక్సర్ జనం వెనకాల, 35 మీటర్ల దూరంలో ఉంది. కీబోర్డు కుడి అవుట్‌పుట్ నుంచి వాయించేవాళ్ల పక్కనున్న చిన్న మానిటర్ ఆంప్లిఫయర్‌కు ఒక వైరు వెళ్తోంది. ఎడమ అవుట్‌పుట్ నుంచి సింగిల్ కోర్ షీల్డ్ వైరుతో మిక్సర్‌కు లైను లాగారు. ఆ ఛానెల్ ఫేడర్ పైకి జరపగానే స్పీకర్లలో గుయ్‌మని ఒకటే మోత. హమ్ అనేది దీన్నే. వాయిస్తున్నప్పుడు కొంత మరుగున పడుతుంది, పాటకూ పాటకూ మధ్య మాత్రం మండపమంతా అదే వినిపిస్తుంది.

ఇలాంటి చోట చాలామంది చేసే మొదటి పని ఖరీదైన వైరు కొనడం. అదే రకం వైరు ఎంత మంచిది తెచ్చినా ఈ మోత పెద్దగా తగ్గదు, ఎందుకంటే లోపం వైరు నాణ్యతలో లేదు, కనెక్షన్ పద్ధతిలో ఉంది. ఈ మండపాన్నే ఉదాహరణగా పెట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో, ఏం మార్చాలో చెబుతాను.

ముందుగా, మోత ఎటు నుంచి వస్తోందో తేల్చుకోండి

కీబోర్డు ఛానెల్ ఫేడర్ పూర్తిగా కిందికి దించండి. అప్పటికీ మోత ఉంటే అది మిక్సర్ తర్వాతి భాగంలోది, కీబోర్డు జోలికి వెళ్లకండి. ఫేడర్‌తోపాటు మోత కూడా పోతే ఈ లైనులోనే ఉందన్నమాట.

ఇప్పుడు ఫేడర్ మళ్లీ పైకి తెచ్చి, వేదిక దగ్గర ఒకరిని నిలబెట్టి, మానిటర్ ఆంప్లిఫయర్‌కు వెళ్లే వైరును కీబోర్డు నుంచి పీకించండి. జాక్ తీసేటప్పుడు టప్పుమని కొట్టకుండా ఆ క్షణానికి ఛానెల్ మ్యూట్ చేయండి. వైరు తీశాక మోత పోయిందా? అయితే మీది గ్రౌండ్ లూప్. మానిటర్ ఆంప్లిఫయర్ త్రీ పిన్ ప్లగ్ వేదిక దగ్గరి బోర్డులో ఉంది, మిక్సర్ ప్లగ్ వెనకాల బోర్డులో ఉంది. రెండు బోర్డుల ఎర్త్ పేరుకు ఒకటే అయినా వాటి మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటుంది. కీబోర్డు ద్వారా ఆ రెండు ఎర్త్‌లనూ మీ ఆడియో వైరు షీల్డే కలిపింది కాబట్టి, ఆ తేడా కొద్దీ షీల్డ్‌లో 50 హెర్ట్జ్ కరెంటు పారుతోంది.

వైరు పీకినా మోత పోకపోతే రెండు అనుమానాలు మిగులుతాయి. కీబోర్డుకు లాప్‌టాప్ లాంటి ఇంకేదైనా తగిలించి ఉందేమో, దాని ఛార్జరు గోడకు పెట్టి ఉందేమో చూడండి. అదీ లేకపోతే వైరు దారిలో కరెంటు తీగలతో కలిసి వెళ్తోందేమో చూడండి. చెవితో కూడా కొంత తెలుస్తుంది. మెత్తగా, లోతుగా వినిపించే గుయ్ సాధారణంగా 50 హెర్ట్జ్‌ది. కందిరీగలా కర్‌ర్‌మని గీరుకున్నట్టు వస్తే అందులో 100 హెర్ట్జ్, దాని పై గుణిజాలు ఉన్నాయి. లైట్ల డిమ్మర్లు, చవక అడాప్టర్లు చేసే శబ్దం అలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. మోత పోతుందని మానిటర్ ఆంప్లిఫయర్ ప్లగ్ ఎర్త్ పిన్ తీసేయడం, టూ పిన్ ప్లగ్ పెట్టడం చేయకండి. మోత నిజంగానే పోతుంది. కానీ లోపల ఫేజ్ తీగ ఎప్పుడైనా బాడీకి తగిలితే ఆ 230 వోల్టులు కీబోర్డు వాయించేవాళ్ల చేతికో, మైకు పట్టుకున్న గాయని పెదవికో చేరతాయి. లూప్‌ను ఆడియో వైపు విడగొట్టాలి, కరెంటు వైపు ఎప్పుడూ కాదు.

ఈ సింగిల్ కోర్ వైరులో అసలు ఏం జరుగుతోంది

ఇలాంటి వైరును అన్‌బ్యాలెన్స్‌డ్ అంటారు, ఇందులో ఉన్నవి రెండే దారులు. మధ్యలో కోర్, చుట్టూ షీల్డ్. శబ్దం కోర్‌లో వెళ్తుంది, షీల్డ్ ద్వారా తిరిగి వస్తుంది. అంటే షీల్డ్ ఇక్కడ కవచం ఒక్కటే కాదు, సిగ్నల్‌లో సగం దారి కూడా. షీల్డ్‌లో లూప్ కరెంటు పారి ఏ కాస్త వోల్టేజీ పుట్టినా అది నేరుగా శబ్దంలో కలుస్తుంది.

లెక్క వేసి చూద్దాం. 35 మీటర్ల షీల్డ్ రెసిస్టెన్సు సుమారు 1 ఓమ్ అనుకుందాం. అందులో 10 మిల్లీఆంప్ లూప్ కరెంటు పారితే 10 మిల్లీవోల్టుల హమ్ పుడుతుంది. కీబోర్డు సిగ్నల్ సుమారు 300 మిల్లీవోల్టులు అనుకుంటే, శబ్దంలో ముప్పయ్యో వంతు మోతే. చెవికి అది చాలా ఎక్కువ. షీల్డ్ మందం పెంచి రెసిస్టెన్సు సగం చేసినా మోత మహా అయితే సగమవుతుంది, నిశ్శబ్దంలో అదీ వినిపిస్తుంది.

బ్యాలెన్స్‌డ్ వైరు చేసే పని

బ్యాలెన్స్‌డ్ వైరులో లోపల రెండు కోర్‌లు, వాటి చుట్టూ షీల్డ్ ఉంటాయి. శబ్దం మొత్తం ఆ రెండు కోర్‌ల మధ్యే నడుస్తుంది, షీల్డ్‌కు సిగ్నల్ మోసే పని ఉండదు. అవతల మిక్సర్ ఇన్‌పుట్ ఈ రెండు కోర్‌ల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది.

ఒక కోర్‌లో +100, రెండో కోర్‌లో −100 వెళ్తున్నాయి అనుకోండి. దారిలో రెండింటికీ +10 హమ్ అంటుకుంది. అవతల చేరేవి 110, −90. తేడా తీస్తే 200. హమ్ ఎక్కడా లేదు, రెండు వైపులా ఒకేలా ఉంది కాబట్టి కొట్టేసుకుపోయింది.

ఇక్కడ చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంటుంది: రెండో కోర్‌లో శబ్దం తిరగేసి పంపడం వల్లే హమ్ పోతుందని. కాదు. రెండో కోర్‌లో శబ్దం అసలు పంపకుండా 0 ఉంచినా, అవతల 110, 10 చేరతాయి, తేడా 100. హమ్ అప్పుడూ పోయింది. హమ్‌ను పోగొట్టేది రెండు కోర్‌లకూ అంటిన హమ్ సమానంగా ఉండటం. అలా ఉండాలంటే గ్రౌండ్‌కు రెండు కోర్‌ల ఇంపెడెన్సు సమానంగా ఉండాలి. బ్యాలెన్స్ అన్న మాట వచ్చింది దీనివల్లే. ఒక కోర్ టాకా సరిగా పట్టక దాని దారి మారితే, ఒకదానికి 10, ఇంకోదానికి 9 అంటుతాయి. ఆ మిగిలిన 1 మీకు స్పీకర్‌లో వినిపిస్తుంది.

రెండు కోర్‌లనూ తాడు పేనినట్టు మెలిపెట్టడానికి కారణమూ ఇదే. షీల్డ్ విద్యుత్ క్షేత్రాన్ని ఆపుతుంది గానీ, 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి సన్నని రాగి అల్లిక దాదాపు అడ్డమే కాదు. మెలి ఉంటే పక్కనున్న కరెంటు తీగకు ఒకసారి ఈ కోర్, మరుసారి ఆ కోర్ దగ్గరవుతూ, చివరికి రెండింటికీ ఒకే లెక్కన హమ్ అంటుతుంది. ఇది టెలిఫోను వాళ్లు కనిపెట్టిన ఉపాయం. మెలిపెట్టిన జత తీగలకు గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. కరెంటు తీగల పక్కనుంచి తప్పనిసరిగా వెళ్లాల్సిన చోట నాలుగు కోర్‌ల స్టార్ క్వాడ్ వైరు ఇంకా బాగా పనిచేస్తుంది, మామూలు మండపానికి అంత అవసరం రాదు.

కీబోర్డు పక్కనే డీఐ బాక్స్ పెట్టండి

మన కీబోర్డు వెనక ఉన్నవి మోనో పావు అంగుళం సాకెట్లు, దుకాణంలో పి-38 అని అడిగే జాక్ పట్టేవి. జాక్ మీద ఒక్క నల్ల గీత ఉంటే మోనో, రెండు ఉంటే మూడు భాగాల జాక్. ఇలాంటి సాకెట్‌కు మూడు భాగాల జాక్ పెట్టి, అవతల మైకు వైర్లకు ఉండే మూడు పిన్‌ల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్ తగిలించి లైను లాగితే బ్యాలెన్స్‌డ్ అయిపోతుందని అనుకుంటారు. సాకెట్ లోపల జాక్ మధ్య భాగానికి విడిగా కనెక్షన్ ఏదీ లేదు కాబట్టి వైరు మారింది గానీ కనెక్షన్ అన్‌బ్యాలెన్స్‌డ్‌గానే ఉంది. శబ్దం పుట్టే చోటే దాన్ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చాలి. ఆ పని డీఐ బాక్స్‌ది.

కీబోర్డుకు పాసివ్ డీఐ, అంటే కరెంటు అక్కర్లేని రకం చాలు. దాని లోపల ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, సాధారణంగా 12కు 1 నిష్పత్తిలో. కీబోర్డు నుంచి డీఐకి మోనో వైరు 2 మీటర్లకు మించకుండా చూసుకోండి. ఆ ముక్క ఇంకా అన్‌బ్యాలెన్స్‌డే, అందులో అంటిన హమ్ శబ్దంతోపాటే మిక్సర్ దాకా వస్తుంది. డీఐ నుంచి మిక్సర్ వరకు 35 మీటర్లూ ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు వేయండి. మిక్సర్‌లో లైన్ ఇన్‌పుట్‌కు కాకుండా మైక్ ఇన్‌పుట్‌కు పెట్టండి, ఎందుకంటే డీఐ శబ్దాన్ని 12వ వంతుకు తగ్గిస్తుంది. 300 మిల్లీవోల్టులు 25 అవుతాయి. గెయిన్ పెంచుకోవాల్సి వస్తుంది, కంగారు పడకండి.

అంత తగ్గాక హమ్ ముందు శబ్దం నిలుస్తుందా అన్న సందేహం రావచ్చు. మళ్లీ లెక్క చూడండి. ఎర్త్‌ల మధ్య అదే 10 మిల్లీవోల్టుల తేడా ఇప్పుడు రెండు కోర్‌లకూ సమానంగా వస్తుంది. మీ మిక్సర్ ఇన్‌పుట్ రెండింటికీ ఉమ్మడిగా వచ్చినదాన్ని 60 డెసిబెల్, అంటే వెయ్యో వంతుకు తగ్గించగలదు అనుకుంటే, మిగిలే హమ్ 0.01 మిల్లీవోల్టు. 25 మిల్లీవోల్టుల శబ్దం పక్కన అది 2500లో ఒక వంతు. ఇంతకుముందు 30లో ఒక వంతు ఉండేది. పైగా ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులనూ రాగి తీగ తగలకుండా విడదీస్తుంది కాబట్టి, మంచి డీఐతో వాస్తవంలో ఇంతకంటే మెరుగే.

ఆ తర్వాత గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ సంగతి. అది ఎక్స్‌ఎల్‌ఆర్ 1వ పిన్‌ను, అంటే షీల్డ్‌ను డీఐ దగ్గర విడగొడుతుంది. లూప్ కరెంటుకు దారి మూసుకుపోతుంది, కరెంటు ప్లగ్‌ల ఎర్త్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. రెండు స్థానాల్లోనూ పెట్టి విని, మోత తక్కువున్న వైపు వదిలేయండి. కీబోర్డు బ్యాటరీ మీదో, ఎర్త్ లేని అడాప్టర్ మీదో ఒంటరిగా నడుస్తుంటే లిఫ్ట్ వేయకుండా ఉంచితేనే తరచుగా శుభ్రంగా ఉంటుంది. మన మండపంలో మానిటర్ ఆంప్లిఫయర్ ఎర్త్ కూడా కలిసి ఉంది కాబట్టి లిఫ్ట్ వేస్తే మోత తగ్గుతుంది.

మిక్సర్‌లో కొన్ని రకాల మైకులకు వైరు ద్వారానే కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ ఒకటి ఉంటుంది. పాసివ్ డీఐకి అది అక్కర్లేదు, అయినా దాని ట్రాన్స్‌ఫార్మర్ ఆ వోల్టేజీని కీబోర్డు దాకా పోనివ్వదు. ప్రమాదమంతా డీఐ లేకుండా ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి జాక్‌కు మార్చే వైరును మైక్ ఇన్‌పుట్‌కు పెట్టినప్పుడే. ఫాంటమ్ ఆన్‌లో ఉంటే ఆ వోల్టేజీ కీబోర్డు అవుట్‌పుట్ మీదికే వెళ్తుంది, సర్క్యూట్ దెబ్బతినవచ్చు.

35 మీటర్ల వైరును మల్టీమీటర్‌తో చూడండి

డీఐ పెట్టాక కూడా మోత కాస్త మిగిలితే, లేదా శబ్దం పల్చగా, సత్తువ లేకుండా వినిపిస్తే, వైరులో ఒక కోర్ తెగిందని అనుమానించండి. బ్యాలెన్స్‌డ్ లైనులో ఒక కోర్ తెగినా కొన్ని పరికరాలతో శబ్దం వస్తూనే ఉంటుంది, అందుకే ఎవరూ గమనించరు. అలాంటి లైను హమ్‌ను పట్టుకోవడంలో అన్‌బ్యాలెన్స్‌డ్ లైనుతో సమానం.

వైరు రెండు చివరలూ విప్పేసి, మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టండి. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1వ పిన్ షీల్డ్, 2వ పిన్ హాట్, 3వ పిన్ కోల్డ్. ఈ చివర 1 నుంచి ఆ చివర 1కి, 2 నుంచి 2కి, 3 నుంచి 3కి మాత్రమే బీప్ రావాలి. ఒకదానికొకటి ఎక్కడా తగలకూడదు. బీప్ వస్తున్నంతసేపూ కనెక్టర్ దగ్గర వైరును అటూ ఇటూ వంచి చూడండి. టాకా పగిలి ఉంటే వంచినప్పుడు బీప్ ఆగుతుంది. 2, 3 పిన్‌ల రెసిస్టెన్సులు కూడా ఓమ్‌లలో చూసి పోల్చండి, రెండూ దాదాపు ఒకటే రావాలి. ఇంకోటి: కనెక్టర్ లోహపు తొడుగును 1వ పిన్‌కు కలిపి టాకా వేసి ఉంటే తీసేయండి. వైరు మధ్యలో జాయింట్ పడ్డచోట ఆ తొడుగు వేదిక ఇనుప చట్రానికి తగిలితే, గ్రౌండ్ లిఫ్ట్ వేసినా కొత్త లూప్ పుడుతుంది. ఇది వెతికి పట్టుకోవడానికి నాకు ఒకసారి సాయంత్రమంతా పట్టింది.

వైరు పరిచేటప్పుడు కరెంటు తీగలకు ఒక అడుగైనా ఎడంగా ఉంచండి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. మిగిలిపోయిన వైరును చుట్ట చుట్టి ఆంప్లిఫయర్ మీద పెట్టకండి. దాని లోపలి పెద్ద ట్రాన్స్‌ఫార్మరే చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని వెదజల్లుతుంది.

పాటల ట్రాక్ వేసే లాప్‌టాప్, పాత ఆంప్లిఫయర్

ఇదే మండపంలో ఇంకో రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్‌లోని జాక్‌కూ మూడు భాగాలే ఉంటాయి, కానీ అక్కడ కొస ఎడమ ఛానెల్, మధ్య భాగం కుడి ఛానెల్. దాన్ని నేరుగా ఒక ఎక్స్‌ఎల్‌ఆర్‌కు టాకా వేసి మిక్సర్‌కు పెడితే, మిక్సర్ తన అలవాటు ప్రకారం రెండింటి తేడా తీస్తుంది. పాటలో గాయకుడి గొంతు సాధారణంగా రెండు ఛానెళ్లలో సమానంగా ఉంటుంది, కాబట్టి హమ్ పోయినట్టే అదీ పోతుంది! వాయిద్యాలు బోలుగా వినిపిస్తాయి, గొంతు మాయం. ట్రాక్‌లో గొంతు లేదని ఎవరైనా అంటే ముందు ఈ వైరు చూడండి. లాప్‌టాప్‌కు స్టీరియో డీఐ గానీ, రెండు ఛానెళ్లను విడివిడిగా రెండు డీఐలకు పంపే వైరు గానీ వాడాలి.

రెండోది, మిక్సర్ నుంచి దూరంగా ఉన్న పాత ఆంప్లిఫయర్‌కు లైను. దానికి ఆర్‌సీఏ పిన్‌లే ఉంటాయి, అది తేడా తీయలేదు. మిక్సర్ బ్యాలెన్స్‌డ్‌గా పంపినా అవతల తీసుకునేది అన్‌బ్యాలెన్స్‌డ్ అయితే దారిలో అంటిన హమ్ పోదు. అక్కడ లైన్ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆంప్లిఫయర్ పక్కన పెట్టి, దాని దాకా బ్యాలెన్స్‌డ్ వైరు వేసి, చివరి ఒక మీటరు మాత్రం ఆర్‌సీఏ వైరు వాడండి. కీబోర్డు దగ్గర మార్చే పెట్టె పంపే చివర ఉంటే, ఇక్కడ అందుకునే చివర ఉంటుంది.

కీబోర్డు లోపలే పుట్టిన మోతను, లేదా వాడిన పాత అడాప్టర్ తెచ్చిన మోతను ఈ పద్ధతి ఏదీ తీయలేదు. డీఐ దాన్ని కూడా సంగీతమే అనుకుని పంపుతుంది. కీబోర్డుకు నేరుగా హెడ్‌ఫోన్ పెట్టి వింటే అది తెలిసిపోతుంది. అక్కడే మోత ఉంటే అడాప్టర్ మార్చి చూడండి.

జనం రాకముందు చివరి పరీక్ష

కీబోర్డు వాల్యూము సున్నా చేసి, ఛానెల్ గెయిన్, ఫేడర్ మాత్రం కార్యక్రమంలో ఉండేంత ఎత్తులోనే ఉంచండి. లైట్లన్నీ వెలిగించి డిమ్మర్లను సగం మీద పెట్టండి. డిమ్మర్ కరెంటు అలను నడిమధ్యలో కోసేటప్పుడే అన్నింటికంటే ఎక్కువ గోల చేస్తుంది, పూర్తి వెలుగులో అంతగా చేయదు. ఇప్పుడు స్పీకర్ ముందు రెండు అడుగుల దూరంలో నిలబడి వినండి. సన్నని హిస్ మాత్రమే వినిపించి గుయ్ లేకపోతే, మండపం మధ్యలో కూర్చున్నవాళ్లకు ఏమీ వినిపించదు. గుయ్ ఉంటే మానిటర్ వైరు పీకే పరీక్ష మరోసారి చేయండి, అప్పటికీ తేడా రాకపోతే మల్టీమీటర్ తీయండి. వేరే ఊళ్లో, లేదా జనరేటర్ మీద నడిపే రోజున ఎర్త్ పరిస్థితి మారిపోతుంది కాబట్టి, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్‌ను కిందటిసారి ఉన్నట్టే వదిలేయకుండా మళ్లీ రెండు స్థానాల్లోనూ విని పెట్టుకోండి.